పుట్టినరోజు శనివారం, బండి ఆదివారం: ఊరు మారుతున్న స్నేహితురాలికి మెసేజ్ రాయడం ఎలా

గత డిసెంబరులో నా స్నేహితురాలు రాజమండ్రి నుంచి బెంగళూరు వెళ్ళింది. శనివారం తన పుట్టినరోజు, ఆదివారం సాయంత్రం బండి, మంగళవారం ఉద్యోగంలో చేరాలి. అసలు శనివారానికే టికెట్ తీద్దామనుకున్నారు. పుట్టినరోజు పూట ప్రయాణమేమిటని వాళ్ళ అమ్మమ్మ అనడంతో ఒకరోజు వెనక్కి జరిపారు. అలా ఒక సాయంత్రం కేకు, మర్నాటి సాయంత్రం సూట్‌కేసు అయ్యాయి. మధ్యలో నేను రాయాల్సిన మెసేజ్ ఒకటి ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది రెండూ కలిపి ఒకే మెసేజ్ రాసి, రాత్రి 12 కొట్టగానే పంపేస్తారు. నాలుగేళ్ళ క్రితం ఇంకో స్నేహితురాలికి నేనూ అదే చేశాను. హ్యాపీ బర్త్‌డేతో మొదలుపెట్టి, కాలేజీ రోజులన్నీ తలుచుకుని, నువ్వు లేకుండా ఎలా ఉండాలో తెలియడం లేదని ముగించాను. తను అది అర్ధరాత్రి చదివి ఏడ్చింది. పక్కన పడుకున్న వాళ్ళమ్మ లేచి, ఏమైందని అడిగి, విషయం తెలిసి ఆవిడా ఏడ్చారు. పుట్టినరోజు పొద్దున ఇద్దరూ ఉబ్బిన కళ్ళతో ఉన్నారు. నేను రాసిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అవి వెళ్ళాల్సిన వేళ అది కాదు.

అందుకే ఈసారి వేరేగా చేశాను. ఏ రోజు ఏం చేశానో, ఎందుకు చేశానో, ఏ వాక్యాలు కొట్టేశానో వరసగా చెప్తాను. మీ స్నేహితుల ఊరు, బండి, వేళ వేరుగా ఉంటాయి కాబట్టి వాటిని మార్చుకోండి.

ముందు రెండు రోజుల్నీ విడదీయండి

పుట్టినరోజు మెసేజ్, వీడ్కోలు మెసేజ్ రెండూ రెండు వైపులకు లాగుతాయి. ఒకటి ఈ రోజు హాయిగా ఉండమంటుంది. రెండోది రేపటి నుంచి మనం దూరమని గుర్తు చేస్తుంది. ఒకే కాగితం మీద పెడితే రెండోదే గెలుస్తుంది. మొదటి నాలుగు వాక్యాలు ఎంత సరదాగా రాసినా, చదివేవాళ్ళకు మిగిలేది చివరి నాలుగు వాక్యాలే.

కాబట్టి పుట్టినరోజు నాడు పంపేది రెండు వాక్యాలు దాటనివ్వకండి. అందులో ప్రయాణం ఊసే ఉండకూడదు. నేను పంపింది ఇంతే:

> పొట్టీ, హ్యాపీ బర్త్‌డే! పదింటికి గుడి దగ్గర ఉంటా, ఆ గంధం రంగు చుడీదారే వేసుకురా.

ఇందులో శుభాకాంక్ష ఉంది, ఆ రోజే జరగబోయే పని ఒకటి ఉంది. ఇది చదివిన మనిషి మనసు పదింటి దాకానే వెళ్తుంది, రేపటి దాకా వెళ్ళదు. "ఈ ఊళ్ళో నీ చివరి పుట్టినరోజు" లాంటి మాట సరదాగా కూడా రాయకండి. పుట్టినరోజు పక్కన చివరి అనే మాట మన ఇళ్ళల్లో ఎవరికీ నచ్చదు. పైగా అది నిజం కూడా కాకపోవచ్చు.

అసలు మెసేజ్ రెండోది. దాన్ని ఆదివారం బండి కదిలాక పంపాలని ముందే నిర్ణయించుకున్నాను. రాయడం మాత్రం వారం ముందే మొదలుపెట్టాను. ముందు రాసిపెట్టుకోకపోతే ఆఖరి రోజు హడావిడిలో చేతికి వచ్చేది "హ్యాపీ జర్నీ, మిస్ యూ" ఒక్కటే.

వారం ముందు: వెళ్ళడం తనకిష్టమేనా?

రాయడానికి కూర్చునే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇది. ఉద్యోగం వచ్చిందంటే సంతోషంగానే వెళ్తున్నారని అనుకుంటాం. నా స్నేహితురాలికి హైదరాబాద్‌లో ఉద్యోగం రావాలని ఉండేది. రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి ఇంట్లో ఉండొచ్చని తన లెక్క. వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులు. బెంగళూరు ఖాయమయ్యాక నాలుగు రోజులు సరిగ్గా తినలేదు. అలాంటి మనిషికి "కలల నగరం", "కొత్త జీవితం", "రెక్కలు విప్పుకో" అని రాస్తే, ఈ వారమంతా ఇది నన్ను పట్టించుకోలేదన్నమాట అనుకుంటుంది.

ఇష్టంగా వెళ్ళేవాళ్ళ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఉత్సాహంగా ఉన్న మనిషి ముందు మన దిగులు పరిస్తే, ఊరు విడిచి వెళ్ళడం తప్పేమో అనిపిస్తుంది. రెండు రకాలుగానూ ఉన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి, నేనైతే అభినందనా రాయను, ఓదార్పూ రాయను. ఆ వారంలో తను నోటితో చెప్పిన మాట ఏదైనా ఉంటే దానికి జవాబు రాస్తాను. తను బుధవారం ఫోన్లో "నేను కొత్తవాళ్ళతో మాట్లాడలేనే, తెలుసుగా" అంది. ఆ ఒక్క మాటనే మెసేజ్‌లో జవాబు చెప్పాల్సిన ప్రశ్నగా పెట్టుకున్నాను.

తర్వాత ఒక జ్ఞాపకం కావాలి. ఒక్కటే. పది జ్ఞాపకాలు వరసగా పేరిస్తే అది ఫోటో ఆల్బం అవుతుంది, ఏదీ గుచ్చుకోదు. ఆ ఒక్కదాన్ని ఎంచుకోవడానికి నేను ఒక పద్ధతి పాటిస్తాను: మేమిద్దరం ఇప్పటిదాకా పైకి మాట్లాడుకోనిది అయ్యుండాలి. టూర్లు, సినిమాలు, క్లాసు ఎగ్గొట్టిన రోజులు ఇదివరకే వందసార్లు చెప్పుకున్నాం. సెకండియర్‌లో వానకి నా కెమిస్ట్రీ రికార్డు తడిసి ముద్దయిన రోజు, తను మా ఇంటికొచ్చి రాత్రి రెండింటిదాకా నాతోపాటు కూర్చుని బొమ్మలు గీసింది. తన రికార్డు కూడా సగంలోనే ఉందన్న సంగతి మర్నాడు లాబ్‌లో తెలిసింది. అప్పుడు ఏమీ అనలేకపోయాను. ఇన్నేళ్ళూ చెప్పని ఆ మాట ఇప్పుడు చెప్పాలి. జ్ఞాపకం కొత్తది కాకపోయినా, అది నాకు తెలుసు అన్న సంగతి తనకు కొత్తది.

నిన్నటి కోసం ఖాళీ వదలండి

పుట్టినరోజు మర్నాడే ప్రయాణం కావడం వల్ల చిక్కుతోపాటు మనకు ఒక వరం కూడా దొరుకుతుంది. మెసేజ్ చదివే వేళకి పుట్టినరోజు నిన్నటి సంగతి. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, గుడి, కేకు, అన్నీ ఇంకా తన కళ్ళముందే ఉంటాయి. వీడ్కోలు మెసేజ్‌లో నిన్న జరిగిన చిన్న సంగతి ఒకటి కనిపిస్తే, దాన్ని అప్పుడే, తన కోసమే రాశారని తెలిసిపోతుంది. ముందే తయారుచేసిన మెసేజ్ అనే అనుమానం రాదు. సగం ముందే తయారైనా సరే.

అందుకని వారం ముందు రాసుకున్న చిత్తుప్రతిలో, మొదటి రెండు వాక్యాల తర్వాత "నిన్న..." అని రాసి ఖాళీ వదిలేశాను. శనివారమంతా ఆ ఖాళీలోకి ఏం దొరుకుతుందా అని చూస్తూ ఉన్నాను. కేకు కోయడం, అందరూ ముఖానికి పూయడం దానికి పనికిరావు, అవి ఏటా ఉండేవే. నాకు కావాల్సింది పొద్దున మార్కండేయస్వామి గుడి బయటే దొరికింది. వాళ్ళ అమ్మమ్మ కొబ్బరి చిప్ప తన చేతిలో పెడుతూ, "బెంగళూర్లో కాయ ఎంతుంటుందే?" అని అడిగారు. మేమంతా నవ్వాం. తను మాత్రం నవ్వకుండా, "కనుక్కుని చెప్తా అమ్మమ్మా" అంది. ఇంటికి రాగానే మర్చిపోకుండా ఫోన్లో రెండు ముక్కలు రాసుకున్నాను. సాయంత్రానికి ఆ మాటలు అచ్చంగా గుర్తుండవు, "అమ్మమ్మ ఏదో సరదాగా అడిగారు కదా" అన్నంతవరకే మిగులుతుంది. ఆ అచ్చం మాటే ముఖ్యం.

ఆ ఖాళీని శనివారం రాత్రే నింపండి. ఆదివారం నాడు మీరు కూడా సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతూ ఉంటారు.

వాక్యాల్లో జాగ్రత్త పడాల్సినవి

చిత్తుప్రతి రాశాక బిగ్గరగా చదువుకున్నాను. కొన్ని చోట్ల మాటలు బాగానే ఉన్నాయి కానీ వింటుంటే ఎవరో పోయినట్టుగా ఉంది. కారణం వెతికితే క్రియల్లో దొరికింది.

"ప్రతి ఆదివారం రోజ్ మిల్క్ తాగేవాళ్ళం. గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. నువ్వు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేదానివి." ఈ "తాగేవాళ్ళం, వచ్చేదానివి" అనే రూపం అయిపోయిన అలవాటుని చెప్తుంది. మన భాషలో పోయినవాళ్ళని తలుచుకునేటప్పుడు వాడేది కూడా ఇదే. నిన్నటిదాకా రోజ్ మిల్క్ తాగిన మనిషిని ఒక్క ప్రత్యయంతో గతంలోకి నెట్టేస్తుంది. అందుకే అలాంటి క్రియలన్నీ వెతికి మార్చాను. ఒక్కసారి జరిగిన సంగతికి "గీశావు, అన్నావు" అని మామూలు భూతకాలం చాలు. అలవాట్లకి మాత్రం "తాగుతాం, ఆలస్యంగా వస్తావు" అని రాయండి. తను ఊరు మారినా ఆలస్యంగానే వస్తుంది, అందులో అబద్ధమేమీ లేదు.

రెండోది, మనం, మేము. మన భాష ఈ రెండిటినీ విడిగా ఉంచింది. "మనం" అంటే ఎదుటి మనిషి కూడా లోపలే. "మేము" అంటే ఆ మనిషి బయట. "మేమంతా నిన్ను చాలా మిస్ అవుతాం" అని రాసేటప్పుడు ప్రేమతోనే రాస్తాం. కానీ ఆ మొదటి మాటతోనే ఒక గుంపు అటు, తను ఇటు అయిపోతుంది. బెర్తు మీద ఒంటరిగా కూర్చుని చదివే మనిషికి ఆ గీత ఇంకా గట్టిగా కనపడుతుంది. గ్రూపు గురించి చెప్పాల్సిన చోట "మనవాళ్ళు", "మన బ్యాచ్" అని రాయండి. తను లేని పని గురించి చెప్పాల్సి వస్తే "నేను" అని రాయండి. నా చిత్తుప్రతిలో "మేము" నాలుగు చోట్ల ఉంది. ఒక్కటీ మిగల్చలేదు.

మూడోది అందరికీ తెలిసిందే, రాతలోకి వచ్చేసరికి మర్చిపోతాం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎవరూ "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. సాగనంపేవాళ్ళు "వెళ్ళిరా" అంటారు. ఆ రావడం ఆ మాటలోనే ఉంది. "గుడ్‌బై", "ఇక సెలవు", "వీడ్కోలు" అని రాస్తే అది పోతుంది. "వెళ్ళిరా" అన్న ఒక్క మాట చివర పెడితే, మళ్ళీ రావాలని వేరే వాక్యంలో బతిమాలాల్సిన పని ఉండదు.

ఇక "నూతన ప్రస్థానం", "జీవిత పయనంలో మరో మజిలీ" లాంటివి ఫ్లెక్సీ మీద బాగుంటాయి. ఇద్దరి మధ్య రోజూ "ఏవే", "తిన్నావా" అని నడిచే చోట ఒక్కసారిగా అలా రాస్తే, ఎవరో రాసింది పంపారనుకుంటారు.

లిపి సంగతి కూడా ఇక్కడే చెప్తాను. మేమిద్దరం చాటింగ్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాం. ఈ ఒక్క మెసేజ్ మాత్రం తెలుగు లిపిలో రాశాను. ఇంగ్లీషు అక్షరాల తెలుగుని కళ్ళు పరిగెత్తిస్తూ చదువుతాయి. సొంత లిపిలో ఉంటే నెమ్మదిగా చదువుతాం, ఏళ్ళ తర్వాత తెరిచినా మాట మాటలాగే వినపడుతుంది. లిపి మార్చినా మాట్లాడే తీరు మార్చకండి. మీ స్నేహితురాలు తెలుగు చదవడానికి కష్టపడే మనిషైతే ఈ సలహా వదిలేయండి, తడుముకుంటూ చదవాల్సి వస్తే నష్టమే.

కొత్త ఊరి గురించి ఒక్క పనికొచ్చే సంగతి

జాగ్రత్తలు చెప్పడం ఇంట్లోవాళ్ళ పని, అది వాళ్ళు ఇప్పటికే నెల రోజులుగా చేస్తున్నారు. రాత్రి బయటికి వెళ్ళకు, డబ్బులు జాగ్రత్త, ఎవరినీ నమ్మకు అని మనం కూడా రాస్తే, మెసేజ్ మధ్యలో వాళ్ళ నాన్నగారి గొంతు వినిపిస్తుంది. అవేమీ రాయకండి. వాటి బదులు, మర్నాడు పొద్దున్నే ఉపయోగపడే సంగతి ఒక్కటి కనుక్కుని పెట్టండి. మీకు ఆ ఊరు తెలియకపోతే అక్కడ ఉండేవాళ్ళనెవరినైనా అడగండి.

నా స్నేహితురాలి పీజీ మారతహళ్ళిలో. ఆ చుట్టుపక్కల ఉండే మా పిన్ని కొడుకుని అడిగాను. వాడు చెప్పింది ఇది: మన వైపు నుంచి కాట్పాడి మీదుగా వెళ్ళే బండ్లకి నగరంలోకి వెళ్ళే దారిలో ముందు కృష్ణరాజపురం వస్తుంది, మారతహళ్ళికి అదే దగ్గర. చివరి స్టేషన్ దాకా పోతే మళ్ళీ ట్రాఫిక్‌లో వెనక్కి రావాలి. తను ఎక్కేది కాకినాడ నుంచి వచ్చే శేషాద్రి ఎక్స్‌ప్రెస్. అది అక్కడ ఆగుతుందో లేదో యాప్‌లో చూసుకున్నాకే రాశాను. ఇలాంటి సంగతి తప్పు చెప్తే అసలు చెప్పకపోవడమే నయం.

చలి గురించి కూడా చెప్పాడు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరులో రాజమండ్రిలో ఫ్యాన్ వేసుకుని పడుకున్న మనిషికి అక్కడ తెల్లవారుజామున వణుకు పుడుతుంది. శాలువా సూట్‌కేసు అడుగున పెట్టేసి ఉంటుందని నాకు తెలుసు. కాబట్టి ఆ సంగతి మెసేజ్ దాకా ఆపకుండా శనివారమే నోటితో చెప్పి, శాలువా చేతిసంచిలో పెట్టించాను. మెసేజ్‌లో రాయాల్సినది, ముందే చెప్పాల్సినది వేరు. బండి ఎక్కాక సర్దుకోలేని వాటి గురించి బండిలో చదివించి లాభం లేదు.

మాట ఇచ్చేటప్పుడు

"సంక్రాంతికి వచ్చెయ్" అని రాయాలని నాకూ అనిపించింది. రాసి కొట్టేశాను. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే సంక్రాంతి టికెట్లు నవంబరు మధ్యలోనే అయిపోయి ఉంటాయి. పైగా చేరిన నెలకే తను సెలవు అడగడం కుదరదు. తన చేతిలో లేని పండగకి రమ్మంటే, రాలేకపోయినందుకు కూడా తనే బాధపడాలి.

అలాగని "ఎప్పుడు కావాలన్నా ఫోన్ చెయ్" అన్నా పెద్దగా ఉపయోగం లేదు. కొత్త ఊళ్ళో దిగులుగా ఉన్న మనిషి ఫోన్ తీసి, ఇప్పుడు చేస్తే ఏమనుకుంటుందో అని మళ్ళీ పక్కన పెట్టేస్తుంది. భారం మన మీద వేసుకోవాలి. రోజు, గంట చెప్పి, చేసేది నేనని రాయాలి. చేయగలిగినదే రాయాలి. రోజూ చేస్తానని రాసి మూడో రోజే మానేస్తే, అసలు రాయకపోవడం కంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. నాకు వారానికి ఒకసారి కుదురుతుంది, అంతే రాశాను.

పూర్తి మెసేజ్

> ఏవే పొట్టీ, బండి నిడదవోలు దాటి ఉంటుంది. పులిహోర డబ్బా ఇంకా తెరవకపోతే ముందు అది తిను, ఇది తర్వాత చదువుకో.
>
> నిన్న గుడి దగ్గర అమ్మమ్మ "బెంగళూర్లో కాయ ఎంతుంటుందే?" అంటే అందరం నవ్వాం. నువ్వొక్కదానివే నవ్వలేదు. "కనుక్కుని చెప్తా అమ్మమ్మా" అన్నావు. ఎవరేం అడిగినా నువ్వు అలాగే వింటావు.
>
> ఒక మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు. నా రికార్డు తడిసిన రోజు రాత్రి రెండింటిదాకా కూర్చుని నా బొమ్మలు గీశావు. నీది కూడా సగమే అయ్యిందని మర్నాడు లాబ్‌లో చూశాను. నీకు మార్కులు తగ్గాయి, నువ్వేమీ అనలేదు. నాకు తెలుసు, గుర్తుంది.
>
> కొత్తవాళ్ళతో మాట్లాడలేనన్నావు. అవును, నువ్వు వెంటనే మాట్లాడవు. ఫస్టియర్‌లో మనిద్దరికీ దీపావళి సెలవుల దాకా పట్టింది. ఈ ఆఫీసుకి కూడా అన్నాళ్ళు ఇవ్వు. అప్పటిదాకా మాట్లాడకపోయినా పరవాలేదు.
>
> రేపు కృష్ణరాజపురంలో దిగండి, పీజీకి అదే దగ్గర. చివరిదాకా వెళ్ళొద్దని నాన్నగారికి కూడా చెప్పు.
>
> ఆదివారం రోజ్ మిల్క్ ఆగదు. సాయంత్రం ఆరింటికి అక్కడి నుంచే నేను ఫోన్ చేస్తాను. ఎప్పుడు వచ్చినా బిల్లు నీదే.
>
> దీనికి రిప్లై అక్కర్లేదు. దిగగానే అమ్మకి ఫోన్ చెయ్యి, నాకు నిద్రపోయి లేచాక చాలు. జాగ్రత్తగా వెళ్ళిరా.

పుట్టినరోజు అన్న మాటే ఇందులో లేదు. "నిన్న గుడి దగ్గర" అన్నదే ఆ పని చేస్తుంది. "మిస్ అవుతాను" అని కూడా లేదు. ఆదివారం ఆరింటికి ఫోన్ చేస్తానన్న చోట అది దానంతటదే వినపడుతుంది.

వాళ్ళ నాన్నగారు కూడా వెంట వెళ్తున్నారు కాబట్టి పంపే ముందు ఇంకోసారి ఆయన కళ్ళతో చదివాను. పక్క సీట్లో కూర్చున్న మనిషికి ఫోన్ తెర కనపడుతుంది. ఇద్దరి మధ్యే ఉండాల్సిన సంగతి ఒకటి అంతకుముందు చిత్తుప్రతిలో ఉండేది, తీసేశాను. అలాంటివి ఫోన్లో చెప్పుకోవచ్చు.

ఇంతకంటే పొడవు రాయకండి. వాట్సాప్‌లో మరీ పొడవైతే మధ్యలో తెగి Read more అని వస్తుంది, అది నొక్కి తెరిచేటప్పుడు చదివే ఊపు ఆగిపోతుంది. నోటిఫికేషన్‌లో కనపడేది మొదటి వాక్యమే కాబట్టి అక్కడ తను నవ్వే మాట పెట్టండి. నా మొదటి చిత్తుప్రతి "ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు" అని మొదలైంది. రైల్లో ఉన్నవాళ్ళకి ఆ ఒక్క ముక్కే తెర మీద కనపడితే ఏదైనా చెడువార్తేమో అని గుండె జారుతుంది.

పంపే వేళ

ప్లాట్‌ఫాం మీద ఉండగా పంపకండి. అక్కడ అమ్మ, అమ్మమ్మ, బాబాయిలు, నీళ్ళ సీసాలు, సామాన్లు. బండి కదిలిన వెంటనే కూడా వద్దు. రాజమండ్రి దాటగానే గోదావరి వంతెన వస్తుంది. గోదాట్లో రూపాయి బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకోవడం మనకి అలవాటు. ఆ రెండు మూడు నిమిషాలు తన ఊరిని తను చూసుకోవాలి, ఫోన్ చూడకూడదు. కొవ్వూరు దాటాక సామాన్లు సర్దుకోవడం, అమ్మకి మొదటి ఫోన్ చేయడం ఉంటాయి. ఆ తర్వాత వచ్చే ఖాళీయే మన వేళ. నేను బండి ఎక్కడుందో యాప్‌లో చూస్తూ, నిడదవోలు దాటాక పంపాను. మరీ ఆలస్యం చేస్తే నిద్రపోతారు. అర్ధరాత్రి మెలకువ వచ్చి చీకట్లో ఒంటరిగా చదవడం కంటే, భోజనం వేళకి చదవడం నయం.

మెసేజ్‌ని చాట్ పెట్టెలో టైప్ చేయకండి. సగంలో వేలు తగిలి వెళ్ళిపోవచ్చు. పైగా మీరు అరగంట టైప్ చేస్తున్నట్టు అవతల కనపడుతుంది. నోట్స్‌లో రాసుకుని, అక్కడి నుంచి కాపీ చేయండి. పంపాక అచ్చుతప్పు కనపడితే వాట్సాప్‌లో 15 నిమిషాలలోపు సరిదిద్దుకోవచ్చు. గ్రూపులో పెట్టకండి, స్టేటస్‌గా కూడా పెట్టకండి. పదిమంది చూసే చోట రికార్డు సంగతి రాస్తే అది నాకూ తనకూ మధ్య మాట కాకుండా పోతుంది.

బస్సయితే ఊరు దాటి లైట్లు ఆర్పే ముందు పంపండి. విమానమైతే ఎక్కాక ఫోన్ ఆపేస్తారు కాబట్టి, సెక్యూరిటీ చెక్ అయ్యి గేటు దగ్గర కూర్చున్న వేళ మంచిది. ఇంట్లోవాళ్ళు అప్పటికే వెనక్కి వెళ్ళిపోయి ఉంటారు.

మగపిల్లలైతే "ఏవే" ఉన్న చోట "ఒరేయ్", "నువ్వొక్కదానివే" ఉన్న చోట "నువ్వొక్కడివే" వస్తాయి, అంతకుమించి మార్చాల్సినది లేదు. అబ్బాయిలు ఇలాంటివి రాయరని అనుకోకండి. మా అన్నయ్య తన స్నేహితుడు చెన్నై వెళ్ళేటప్పుడు రాసిన మెసేజ్ ఇంతకంటే పొడవు. వెళ్ళేది ఆఫీసులో పెద్దావిడ, "మీరు" అని పిలిచే మనిషి అయితే రికార్డు కథ లాంటిది ఒకటి ఉంచి, కొత్తవాళ్ళతో ఎలా మెలగాలో చెప్పే భాగం తీసేయండి. ఆవిడకి మనం ధైర్యం చెప్పడం బాగుండదు. ఆవిడ దగ్గర నేర్చుకున్న పని ఏదో పేరుపెట్టి చెప్తే చాలు.

రిప్లై

రిప్లై అక్కర్లేదని రాశాక నిజంగానే ఎదురుచూడకండి. రెండు బ్లూ టిక్‌లు పడ్డాక "చదివావా?" అని అడిగితే ఆ వాక్యం అబద్ధమైపోతుంది. తను ఆ రాత్రి ఒక్క ముక్క కూడా రాయలేదు. సోమవారం మధ్యాహ్నం "చేరాం, కృష్ణరాజపురంలోనే దిగాం" అని వచ్చింది. మంగళవారం ఏమీ రాలేదు, నేనూ అడగలేదు.

బుధవారం సాయంత్రం ఒక ఫోటో వచ్చింది. పీజీ వీధి చివర తోపుడుబండి, దాని మీద కొబ్బరికాయల కుప్ప. కింద రెండు వాక్యాలు: "నలభై అంట. అమ్మమ్మకి చెప్పు." ఆ ఫోటో ఫోన్లో పంపితే ఆవిడకి చూడటం రాదు. అందుకని చీకటి పడకముందే వాళ్ళింటికి వెళ్ళి చూపించి వచ్చాను.